చెయ్యి ఎక్కించడానికి ఏది మేలు: మిషన్ పళ్ళా, లాగుడు దారాలా?

జాకెట్టు భుజం మీద ముడతలు కనబడితే ముందుగా చూడవలసింది, చేతి రౌండు చంక రౌండు కంటే ఎంత ఎక్కువగా ఉందన్నదే. బట్ట అంచు మీద కాకుండా, కుట్టు పడే గీత మీద టేపును నిలువుగా నిలబెట్టి రెండింటినీ కొలవాలి. చేతి రౌండు బయటికి ఉబ్బిన వంపు కనుక దాని అంచు కుట్టు గీత కంటే పొడవుగా ఉంటుంది. చంక రౌండు లోపలికి తొలిచిన వంపు కనుక దాని అంచు పొట్టిగా ఉంటుంది. అంచులే కొలిచినవారికి ఉన్నదానికంటే తేడా ఎక్కువగా కనబడుతుంది. చీర జాకెట్టుకు అర అంగుళం నుండి ముప్పావు అంగుళం వరకు ఎక్కువ ఉంటే చాలు.

ఆ ఎక్కువను చంక కింద గాని, సరిగ్గా భుజం కుట్టు దగ్గర గాని సర్దకూడదు. భుజానికి రెండు పక్కల వాలులో బట్ట క్రాస్‌గా పడుతుంది కనుక అక్కడ పోగులు దగ్గరికి జరుగుతాయి. చెయ్యి నడినెత్తిన జరగవు, కుచ్చు పడుతుంది.

దీన్ని సర్దడానికి రెండు దారులున్నాయి. మొదటిది చెయ్యిని కిందికి, బాడీని పైకి పెట్టి కుట్టడం. మిషన్ పళ్ళు కింది పొరను ముందుకు లాగుతాయి, ఫుట్ మాత్రం పై పొరను కాస్త వెనక్కి పట్టి ఉంచుతుంది; అందువల్ల కింద ఉన్న ఎక్కువ తనంతట తానే కలిసిపోతుంది. నారాయణపేట నూలు చీర జాకెట్టుకు, తేడా అర అంగుళం లోపు ఉన్నప్పుడు నేను ఇదే ఎంచుకుంటాను.

రెండవది అంచుకూ కుట్టు గీతకూ మధ్య రెండు వరుసల పొడవు కుట్లు వేసి, అడుగు దారాలు లాగి, చెయ్యి గిన్నెలా వంగేదాకా సర్దడం. కుట్టు గీత దగ్గర వేలితో తడిమితే ఎక్కడా మడత తగలకూడదు. పట్టులో సూది రంధ్రాలు మిగిలిపోతాయి కనుక ఈ వరుసలు కుట్టు గీతను దాటి లోపలికి రాకూడదు.

మొన్న లైనింగ్ వేసిన పోచంపల్లి పట్టు జాకెట్టు ఒకటి మొదటి పద్ధతిలోనే కుట్టి, విప్పవలసి వచ్చింది. చంక రౌండు 16 అంగుళాలు, చేతి రౌండు పదిహేడుంపావు. లైనింగ్ జారి ఎక్కువంతా భుజం వెనక్కి చేరింది. దారాలు లాగినా అంగుళంపావు ఆ గట్టి నేతలో ఇమడలేదు. చివరకు చేతి రౌండు నెత్తిన కొద్దికొద్దిగా తగ్గిస్తూ, ప్రతిసారీ కొలిచి, తేడాను అర అంగుళానికి తెచ్చాను. అప్పుడు లైనింగ్‌ను పట్టుతో కలిపి కచ్చా కుట్టు వేసి, దారాలు లాగి ఎక్కిస్తే నున్నగా కూర్చుంది. పట్టుకు నా ఓటు ఈ రెండవ పద్ధతికే. అయితే నెత్తిని మరీ తగ్గిస్తే, చెయ్యి కిందికి దించినప్పుడు భుజం కొన నుండి చంక వైపు ఏటవాలు లాగుడు గీతలు పడతాయి. అవి మొదలైతే ఏ దారమూ సరిచేయలేదు.