ఏజెంట్ తప్పుకు నాకు 73,750 రూపాయల బిల్లు: కంటైనర్ దిగుమతి చేసుకునేవాళ్లు జాగ్రత్త

విజయవాడ ఆటోనగర్‌లో నాది చిన్న అట్టపెట్టెల యూనిట్. జూన్‌లో చైనా నుంచి ఒక మెషిన్, దాని విడిభాగాలు ఇరవై అడుగుల కంటైనర్‌లో విశాఖపట్నం తెప్పించుకున్నాను. సరుకు రెండు వారాలు యార్డులోనే ఉండిపోయింది. చివరికి షిప్పింగ్ ఏజెంట్ 73,750 రూపాయల బిల్లు చేతిలో పెట్టాడు. అందులో చాలా భాగం తిరిగి రాబట్టగలిగాను. నాలాగా అప్పుడప్పుడు మాత్రమే దిగుమతి చేసుకునేవాళ్లు ఇలాంటి బిల్లు రాగానే భయపడి కట్టేసి ఊరుకోకూడదని ఇది రాస్తున్నాను. ఏజెంట్ పేరు రాయడం లేదు, ఎందుకంటే ఈ తప్పు ఏ ఏజెంట్ దగ్గరైనా జరగవచ్చు.

ఓడ వచ్చేటప్పుడు ఏ సరుకు, ఎన్ని ప్యాకేజీలు, ఎవరి పేరున వస్తున్నాయో కస్టమ్స్‌కు ఇచ్చే జాబితాను ఐజీఎం అంటారు. దాన్ని దాఖలు చేసేది ఓడ కంపెనీ లేదా దాని తరఫు ఏజెంట్, మనం కాదు. మన తరఫు కస్టమ్స్ బ్రోకర్ దాఖలు చేసే దిగుమతి పత్రం బిల్ ఆఫ్ ఎంట్రీ. ఈ రెండూ ఒకదానితో ఒకటి సరిపోవాలి. సరుకు ఓడకెక్కించుకున్నట్టు ఇచ్చే పత్రం బిల్ ఆఫ్ లేడింగ్. నా దాంట్లో 38 ప్యాకేజీలు ఉన్నాయి, బిల్ ఆఫ్ ఎంట్రీలోనూ 38 ఉన్నాయి. ఐజీఎంలో మాత్రం ఏజెంట్ ఆఫీసులో ఎవరో 83 అని కొట్టారు. అంకెలు తారుమారయ్యాయి, సరుకు కదలడం ఆగిపోయింది.

కంటైనర్ జూన్ 2న దిగింది, 4న పోర్టు బయట కంటైనర్లు ఉంచే సీఎఫ్ఎస్ యార్డుకు చేరింది. మా బ్రోకర్ 3వ తేదీ ఉదయమే కస్టమ్స్ పోర్టల్ ఐస్‌గేట్‌లో తేడా గమనించి, ఆ స్క్రీన్‌షాట్‌తో ఏజెంట్‌కు మెయిల్ పెట్టారు. "చూస్తున్నాం సార్" అని జవాబు వచ్చింది. ఆ తర్వాత ఎన్నిసార్లు ఫోన్ చేసినా అదే మాట. దిద్దుబాటుకు వాళ్లు కస్టమ్స్‌లో దరఖాస్తు పెట్టింది 10వ తేదీన. 12న దిద్దుబాటు పూర్తయింది, 14న కస్టమ్స్ అవుట్ ఆఫ్ ఛార్జ్, అంటే సరుకు తీసుకెళ్లడానికి అనుమతి ఇచ్చింది. ఇక లారీ పంపుదామంటే, బిల్లు కడితేనే సరుకు అప్పగించమని యార్డుకు రాసే డెలివరీ ఆర్డర్ ఇస్తామన్నారు ఏజెంట్ ఆఫీసువాళ్లు.

బిల్లులో మూడు లైన్లున్నాయి. ఉచిత గడువు దాటినా కంటైనర్ వాపసు ఇవ్వనందుకు వేసే డిటెన్షన్ 8 రోజులకు 36,000. యార్డు స్టోరేజీ 10 రోజులకు 18,000. మూడోది చూసి నాకు ఒళ్లు మండింది: ఐజీఎం దిద్దుబాటు ఛార్జీ 8,500! వాళ్ల తప్పును వాళ్లు దిద్దుకున్నందుకు నేను డబ్బు కట్టాలట. వీటన్నిటి మీద 18 శాతం జీఎస్టీ.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. "నా తప్పు కాదు, కట్టను" అని సరుకును యార్డులోనే వదిలేస్తారు. మీటర్ మాత్రం తిరుగుతూనే ఉంటుంది. పైగా ఆ తర్వాతి రోజులన్నీ మీరు చేసిన ఆలస్యం కిందే లెక్కకు వస్తాయి. నేను 15న సాయంత్రం డబ్బు కట్టేశాను, అయితే అంతకు గంట ముందు మెయిల్ పెట్టాను: ఈ మొత్తాన్ని ఒప్పుకొని కట్టడం లేదు, సరుకు విడిపించుకోవడానికి అభ్యంతరంతో, అంటే అండర్ ప్రొటెస్ట్ కడుతున్నాను, వాపసు అడిగే హక్కు నాకుంది అని. అలా రాయకుండా కడితే రేపు వాళ్లు "మీరే ఒప్పుకున్నారు కదా" అంటారు. 16న యార్డులోనే కంటైనర్ విప్పి సరుకు లారీలకెక్కించుకున్నాం, ఖాళీ డబ్బా అదే రోజు వాపసు వెళ్లింది.

ఆ తర్వాత నేను వాదన పెట్టుకోలేదు. ఒక కాగితం తయారుచేశాను. జూన్ 1 నుంచి 16 వరకు రోజుకొక వరుస. ఆ రోజు పని ఎవరి దగ్గర ఆగి ఉంది, దానికి రుజువు ఏ మెయిల్, ఏ స్క్రీన్‌షాట్ అని పక్కన రాశాను. తర్వాత ఇంకో లెక్క వేశాను: ఐజీఎం మొదటి రోజే సరిగ్గా ఉండి ఉంటే సరుకు ఎప్పుడు బయటికొచ్చేది? డ్యూటీ నేను ఒక రోజు ఆలస్యంగా, 4వ తేదీన కట్టాను. కస్టమ్స్ పనికి దిద్దుబాటు తర్వాత ఎలాగూ రెండు రోజులే పట్టింది కాబట్టి 6న అవుట్ ఆఫ్ ఛార్జ్, 7న డెలివరీ అయ్యేది. కంటైనర్‌కు ఉచిత గడువు 8 వరకు ఉంది, అంటే డిటెన్షన్ ఒక్క రూపాయి కూడా పడేది కాదు. యార్డులో ఉచిత రోజులు 4 నుంచి 6 వరకు, కాబట్టి స్టోరేజీ ఒక్క రోజు పడేది. ఆ 1,800 నాదేనని ముందే రాసిచ్చాను. నా తప్పు నేను ఒప్పుకోవడం వల్లే మిగతా లెక్కను వాళ్లు కొట్టిపారేయలేకపోయారని నా నమ్మకం.

ఈ లెక్కకు ఏజెంట్‌వాళ్ల మొదటి జవాబు: బిల్ ఆఫ్ లేడింగ్ షరతుల ప్రకారం డిటెన్షన్ కట్టాల్సింది సరుకు తీసుకునేవాళ్లే. ఆ షరతు నిజమే, దాన్ని నేను కాదనలేదు. కట్టాను కూడా. నేను అడుగుతున్నది ఛార్జీ రద్దు కాదు, మీ పొరపాటు వల్ల నాకు జరిగిన నష్టం అని రాశాను. యార్డువాళ్లతో గొడవ పడకపోవడం కూడా ఇందుకే. వాళ్లు చోటిచ్చారు, అద్దె తీసుకున్నారు, వాళ్ల తప్పేమీ లేదు. అడగాల్సింది తప్పు చేసినవాళ్లనే.

రెండో జవాబు ఇంకా గట్టిది: చైనాలో సరుకు పంపినవాళ్లే 83 అని ఇచ్చారు అని. ఇది నిజమైతే నా క్లెయిమ్ అక్కడే ఆగిపోయేది, సప్లయర్‌ను అడగాల్సి వచ్చేది. అదృష్టం కొద్దీ డ్రాఫ్ట్ బిల్ ఆఫ్ లేడింగ్ మీద ఓకే చెప్పమంటూ వాళ్లు పంపిన మెయిల్ నా దగ్గర ఉంది. అందులో 38 స్పష్టంగా ఉంది. డ్రాఫ్ట్, ఫైనల్ రెండూ పక్కపక్కన పెట్టి పంపాను. ఆ మాట మళ్లీ ఎత్తలేదు. ఓడ కంపెనీ మీకు వేసిన అసలు డిటెన్షన్ ఇన్వాయిస్ చూపించమని కూడా అడిగాను. అది ఇప్పటికీ చూపించలేదు.

ఆగస్టులో క్రెడిట్ నోట్ వచ్చింది. డిటెన్షన్ మొత్తం, దిద్దుబాటు ఛార్జీ మొత్తం, 8 నుంచి 12 వరకు ఐదు రోజుల స్టోరేజీ: జీఎస్టీతో కలిపి 63,130. 12 తర్వాతి నాలుగు రోజులు కస్టమ్స్‌వి, నావి అంటున్నారు. ముందు జరిగిన ఆలస్యం వల్లే ఆ రోజులు వెనక్కి జరిగాయి, పైగా 14, 15 తేదీల్లో డెలివరీ ఆర్డర్ ఆపింది వాళ్లే. ఆ 7,200 ఇంకా అడుగుతూనే ఉన్నాను.

ఒక తేడా గమనించండి. సరుకును కస్టమ్సే తనిఖీ కోసం ఆపి, చివరికి మీ ఎంట్రీలు సరైనవేనని తేలితే దారి వేరు. 2018 నాటి సీ కార్గో మేనిఫెస్ట్ నిబంధనల్లో అలాంటి సందర్భానికి డిటెన్షన్ ఛార్జీల గురించి ప్రత్యేకంగా ఉంది, కస్టమ్స్ నుంచి సర్టిఫికెట్ అడగాలి. నా కేసు అది కాదు. మెయిళ్లు తప్ప నాకు వేరే ఆధారం లేదు, ఫోన్‌లో మాట్లాడినవేవీ పనికిరాలేదు.

ఇప్పుడు ఓడ రాకముందే, ఐజీఎం దాఖలైన రోజునే ప్యాకేజీలు, బరువు, కంటైనర్ నంబర్, నా పేరు ఐస్‌గేట్‌లో చూసి స్క్రీన్‌షాట్ పంపమని మా బ్రోకర్‌కు చెప్పాను. గత నెల వచ్చిన కన్‌సైన్‌మెంట్‌లో బరువు తప్పు పడింది. ఓడ ఇంకా సముద్రంలో ఉండగానే దిద్దించాం.