రాత్రి అన్నం వేడి చేయడానికి ఏది మేలు: ఫుల్ పవరా, సగం పవరా, గ్యాస్ పొయ్యా?

ఫ్రిజ్‌లోంచి తీసిన అన్నాన్ని మైక్రోవేవ్‌లో పెట్టి రెండు నిమిషాలు తిప్పితే, గిన్నె అంచున మెతుకులు నోరు కాలేంత వేడెక్కి గట్టిపడతాయి, నడుమ ముద్ద చల్లగానే ఉంటుంది. "పవర్ తగ్గించి ఎక్కువసేపు పెట్టు, అన్నీ ఒక్కతీరుగా వేడెక్కుతాయి" అని నల్లగొండలోనైనా, పాలమూరులోనైనా వినిపించే సలహా ఒకటుంది. అన్నం, పప్పు వరకు అది సగమే నిజం. అక్కడ సగం పవర్ మీద గెలిచేది ఫుల్ పవరే, కాకపోతే నడుమ ఒకసారి ఆపి కలపాలి. పవర్ తగ్గించడం అక్కరకొచ్చేది కలపడానికి వీల్లేని వాటికి.

ముందు ఓవెన్ లోపల జరిగేది చూద్దాం. మాగ్నెట్రాన్ అనే గొట్టం నుంచి వచ్చే తరంగాలు సెకనుకు 245 కోట్ల సార్లు ఊగుతాయి. తిండిలోని నీటి అణువులు ఆ ఊపుతో పాటు తిరగబోయి, పక్క అణువులకు తగిలి వేడి పుట్టిస్తాయి. ఆ తరంగం పొడవు సుమారు 12 సెంటీమీటర్లు. ఇనుప గోడలకు కొట్టుకుని వెనక్కి వచ్చే తరంగాలు ఎదురొచ్చేవాటితో కలిసినప్పుడు కొన్ని చోట్ల బలం రెట్టింపవుతుంది, కొన్ని చోట్ల దాదాపు సున్నా అవుతుంది. బలమున్న ఒక చోటికీ ఇంకో చోటికీ ఎడం సుమారుగా తరంగంలో సగం, అంటే 6 సెంటీమీటర్లు. గోడలు ఆరు వైపులా ఉంటాయి గనుక అసలు నమూనా ఇంత సాఫీగా ఉండదు.

కళ్లతో చూడాలంటే మినప అప్పడాలు చాలు. తిరిగే గాజు పళ్లెం, దాని కింది చక్రాల రింగు తీసేయండి. నడుమనున్న తిరిగే ముక్క మీద ఒక గాజు గిన్నె బోర్లించి, ఆ ముక్క గిన్నెకు తగలకుండా, గిన్నె తిరగకుండా చూసుకోండి. దాని మీద ఇంకో వెడల్పాటి గాజు పళ్లెం పెట్టి, పచ్చి అప్పడాలు పరిచి ఫుల్ పవర్‌లో నడపండి. ముప్పై సెకన్లు దాటనీయొద్దు, దాదాపు ఖాళీ ఓవెన్‌ను ఎక్కువసేపు నడిపితే మాగ్నెట్రాన్‌కు మంచిది కాదు. ఒకే అప్పడం ఒక పక్కన తెల్లగా పొంగి, ఇంకో పక్కన పచ్చిగా ఉండిపోతుంది. తిరిగే పళ్లెం ఉన్నది ఈ మచ్చల గుండా తిండిని తిప్పడానికే. అందుకే చిన్న గిన్నెను సరిగ్గా నడిబొడ్డున పెడితే లాభం తక్కువ. అది ఉన్నచోటే తిరుగుతుంది, చోటు మారదు. కాస్త పక్కకు జరిపి పెట్టాలి.

రెండో కారణం లోతు. మైక్రోవేవ్ లోపలి నుంచి బయటికి వండుతుందనే మాట తప్పు. తడి ఎక్కువున్న తిండిలో తరంగం ఒకటి రెండు సెంటీమీటర్లు పోయేసరికే చాలా వరకు ఇంకిపోతుంది, ఉప్పు పడ్డ పప్పులోనైతే ఇంకా తక్కువ లోతులోనే. ఆపై లోపలికి చేరే వేడి పొయ్యి మీదలాగే మెల్లగా పాకాల్సిందే. అన్నం, పప్పు లాంటి వాటిలో రెండు నిమిషాల్లో వేడి పాకేది సుమారు అర సెంటీమీటరే.

సగం పవర్ సలహా దెబ్బతినేది ఇక్కడే. మామూలు ఓవెన్‌లో 50 శాతం పెడితే మాగ్నెట్రాన్ బలం తగ్గదు, కాసేపు పూర్తిగా నడిచి కాసేపు ఆగుతుంది. లైటు, పళ్లెం ఆగవు గాని, చెవి పెడితే హోరు మారడం తెలుస్తుంది. ఇన్వర్టర్ ఓవెన్లలో మాత్రం బలం నిజంగానే తగ్గుతుంది. ఏదైనా సరే, ఆ అదనపు రెండు నిమిషాల్లో వేడి అర సెంటీమీటరు పాకితే, నాలుగు సెంటీమీటర్ల లోపలున్న ముద్దకు ఏం దక్కుతుంది? గంటెతో ఒక్కసారి కలిపితే అంచున ఉన్నది నడుమకు, నడుమది అంచుకు చేరుతుంది.

లెక్క చూద్దాం. అన్నం 300 గ్రాములు. ఫ్రిజ్‌లో 5 డిగ్రీలుంటే 75 డిగ్రీలకు తేవాలి. గ్రాము అన్నం ఒక డిగ్రీ వేడెక్కడానికి దాదాపు 3.5 జౌళ్లు కావాలి, అంటే మొత్తం సుమారు 73 వేల జౌళ్లు. 700 వాట్లు లోపలికి ఇచ్చే ఓవెన్‌కు అది ఒక నిమిషం 45 సెకన్ల పని. పైన చల్లే నీళ్లకు కలిపి రెండు నిమిషాలనుకోండి. వేడికి లోటేమీ లేదు, పంపకమే సరిగా లేదు. ఓవెన్ వెనక చీటీ మీద 1200 వాట్లని ఉంటే అది సాధారణంగా కరెంటు తీసుకునే లెక్క, తిండికి చేరేది అంతకన్నా తక్కువ. తేల్చుకోవాలంటే లీటరు నీళ్లు గాజు గిన్నెలో పోసి, థర్మామీటరుతో చూసి, రెండు నిమిషాలు నడిపి, కలిపి మళ్లీ చూడండి. పెరిగిన డిగ్రీలను 35తో గుణిస్తే వాట్లు వస్తాయి. 20 డిగ్రీలు పెరిగితే 700. ఎండాకాలం సాయంత్రం వోల్టేజీ పడిపోయినప్పుడు మామూలు ఓవెన్‌లో ఈ అంకె తగ్గుతుంది, నిన్న సరిపోయిన రెండు నిమిషాలు ఇవాళ చాలవు.

చేసే తీరు ఇది. అన్నాన్ని వెడల్పాటి గాజు లేదా పింగాణీ పళ్లెంలో మూడు సెంటీమీటర్ల మందానికి మించకుండా పరవండి. ముద్దలు చిదిమి, నడుమ గుంట చేసి అన్నాన్ని అంచు చుట్టూ ఉంచండి. రెండు చెంచాల నీళ్లు చల్లి మూత వదులుగా పెట్టండి. ఫుల్ పవర్‌లో ఒక నిమిషం, బయటిది లోపలికి కలిపి ఇంకో నిమిషం, మూత తీయకుండా రెండు నిమిషాలు ఆగడం. నడుమలో చెంచా గుచ్చి పట్టుకుని చూడండి, చల్లగా తగిలితే మళ్లీ కలిపి 30 సెకన్లు. స్టీలు గిన్నె వద్దు, లోహం తరంగాలను వెనక్కి కొడుతుంది గనుక పక్కల నుంచి, కింద నుంచి తిండికి ఏమీ అందదు.

గ్యాస్ మీద ఇదే అన్నాన్ని ఆవిరికి పెడితే ఇడ్లీ పాత్రలో నీళ్లు మరగడానికే కొన్ని నిమిషాలు. ఫలితం మెత్తగా, ఒక్కతీరుగా ఉంటుంది, ఆవిరి అన్ని వైపుల నుంచి తాకుతుంది గనుక. నలుగురైదుగురికి సరిపడా అన్నమైతే నేను ఆవిరికే ఓటేస్తాను. మైక్రోవేవ్‌లో తిండి ఎంత పెరిగితే సమయమూ అంత పెరుగుతుంది, ఒక్క పళ్లెం దాటాక దాని తొందర లాభం పోతుంది.

పప్పుకు పొయ్యే మేలు. చిక్కని పప్పు ఓవెన్‌లో అడుగున ఆవిరి బుడగలు కట్టి చిమ్ముతుంది, అంచు మరుగుతుంటే నడుమ గోరువెచ్చగా ఉంటుంది. పొయ్యి మీద అర గ్లాసు నీళ్లు పోసి గంటెతో తిప్పుతూ కాస్తే నాలుగైదు నిమిషాల్లో అయిపోతుంది. ఒక్క గిన్నె పప్పే అయితే ఓవెన్‌లో నిమిషానికోసారి కలపండి.

సగం పవర్, ఇంకా తక్కువ పవర్ నిజంగా కావాల్సింది గడ్డకట్టిన మాంసానికి. మంచు తరంగాన్ని చాలా తక్కువగా పీల్చుకుంటుంది, నీళ్లు ఎక్కువగా పీల్చుకుంటాయి. ముందు కరిగిన మూల అన్ని తరంగాలనూ తన వైపు లాక్కుని ఉడికిపోతుంటే, పక్కన ఐసు అలాగే ఉంటుంది. 30 శాతంలో పెడితే ఆగే సమయంలో ఆ మూల వేడి పక్క ఐసుకు పాకుతుంది. ఐదు నిమిషాలకోసారి ముక్కలు విడదీసి, తిప్పి పెట్టాలి. మరుసటి రోజు వండేదైతే రాత్రే ఫ్రిజ్ కింది అరలోకి మార్చడం ఇంతకన్నా సుఖం.

జొన్న రొట్టెకు మైక్రోవేవ్ వద్దే వద్దు. అందులో తడి తక్కువ, ఉన్నది సెకన్లలో ఆవిరైపోతుంది, బయటికి తీయగానే మెత్తగా ఉన్నా చల్లారేసరికి తోలులా సాగుతుంది. పెంక వేడి చేసి, రొట్టె మీద నీళ్లు చిలకరించి, అటూ ఇటూ అర నిమిషం కాలిస్తే సరిపోతుంది.