యూనో క్లోన్ కొనేముందు ఫొటో జూమ్ చేసి చూడండి, నాలా మోసపోకండి

పంపు స్టార్టర్ కోసం ఆన్‌లైన్‌లో రెండు ఆర్డుయినో యూనో క్లోన్ బోర్డులు తెప్పించాను. ఫొటోలో ఉన్నదొకటి, పార్సిల్‌లో వచ్చింది ఇంకొకటి. అమ్మినవాడి పేరు రాయను కానీ తేడా ఎక్కడుందో చెప్తాను.

పవర్ జాక్ పక్కన రెండు వెండి రంగు డబ్బాలుంటాయి చూడండి, అవి కెపాసిటర్లు. వోల్టేజీ ఎగుడుదిగుళ్లను సర్దుతాయి. ఫొటోలో వాటి తల మీద 47, 25V అని స్పష్టంగా ఉంది. నాకు వచ్చిన వాటి మీద 47, 10V, అంటే పది వోల్టుల దాకానే తట్టుకుంటాయి. నేను 12 వోల్టుల అడాప్టర్ పెట్టాను. జాక్ వెనక డయోడ్ 0.7 దాకా తిన్నా, మొదటి కెపాసిటర్‌కి 11.3 వోల్టులు అందుతాయి. మూడో రోజుకి దాని తల ఉబ్బింది, బోర్డు మాటిమాటికీ రీసెట్ అవడం మొదలైంది.

వాటి పక్కనే మూడు కాళ్లు, వెనక వెడల్పాటి రేకు ఉన్న నల్లటి ముక్క 5 వోల్టుల రెగ్యులేటర్. నాకు వచ్చినదాని మీద AMS1117 అని ఉంది. మిగిలిన వోల్టేజీని అది వేడిగా వదిలేస్తుంది. రెండు రిలేలు, బోర్డు కలిపి 0.19 ఆంపియర్లు లాగితే 6.3 × 0.19, అంటే 1.2 వాట్లు. వేలు పెట్టలేం. ఇది మాత్రం అమ్మినవాడి తప్పు కాదు, 9 వోల్టుల అడాప్టర్ వాడాల్సింది నేనే.

అసలు మోసం మైక్రోకంట్రోలర్ దగ్గర. యూఎస్‌బీ సాకెట్ వెనకున్న చిప్‌ని చూసి అదే అనుకోకండి, అది కంప్యూటర్‌తో మాట్లాడే చిప్ మాత్రమే. ప్రోగ్రామ్ నడిపేది ఫొటోలో సాకెట్‌లో కూర్చున్న 28 కాళ్ల పొడుగు ATmega328P. కాలిపోతే ఊడదీసి కొత్తది పెట్టుకోవచ్చు. నాకొచ్చింది సోల్డర్ చేసిన చదరపు చిప్, పైన పేరు గీకేసి ఉంది. యూఎస్‌బీ ద్వారా అడిగితే సరైన సంతకమే, అంటే చిప్ రకం చెప్పే నంబరే చెప్పింది, కానీ అది బూట్‌లోడర్‌లో, అంటే ప్రోగ్రామ్ ఎక్కించడానికి చిప్‌లో ముందే ఉండే చిన్న కోడ్‌లో రాసిపెట్టిన జవాబు, నమ్మొద్దు. బోర్డు మీది ఆరు పిన్నుల దగ్గర యూఎస్‌బీఏఎస్‌పీ అనే ప్రోగ్రామర్ తగిలించి చిప్‌నే నేరుగా అడగాలి:

```
avrdude -c usbasp -p m328p
```

నా పాత బోర్డు 0x1e950f అని చెప్పింది, అది ATmega328P సంతకమే. అదే కేబుల్‌తో కొత్త రెండూ నోరు విప్పలేదు.

అమ్మినవాడిని అడిగితే "ఫొటో నమూనా కోసమే సార్, పని అదే చేస్తుంది" అన్నాడు. కాబట్టి డబ్బు కట్టకముందే వాడి దగ్గరున్న బోర్డునే, చిప్ మీద పక్క నుంచి వెలుతురు పడేలా ఫొటో తీసి పంపమనండి. గీకిన చిప్ అయితే గీతలు కనబడతాయి.

రెండో బోర్డుకి ఆ డబ్బా పీకి 25 వోల్టులది వేసుకున్నాను. మీరూ మారుస్తుంటే, డబ్బా మీద నల్ల పూత ఉన్న వైపు మైనస్. పసుపు రంగు టాంటలమ్‌కి మాత్రం గీత ఉన్న వైపు ప్లస్. తిప్పి వేస్తే పేలుతుంది.