ఇయర్‌బడ్స్ మైకా, ల్యాప్‌టాప్ మైకా: మీటింగ్‌కి ఏది మేలు?

ల్యాప్‌టాప్‌లో పాట బ్రహ్మాండంగా వినిపిస్తూ ఉంటుంది. మీటింగ్‌లో చేరగానే అదే పాట రేకు డబ్బాలోంచి వస్తున్నట్టు అయిపోతుంది. మొదటిసారి నాకిలా జరిగినప్పుడు ఇయర్‌బడ్స్ పోయాయనే అనుకున్నాను. అవి బాగానే ఉన్నాయి, మారింది బ్లూటూత్ ప్రొఫైల్, అంటే శబ్దాన్ని పంపే పద్ధతి.

పాటలకు వాడేది ఏ2డీపీ అనే ప్రొఫైల్. ఇందులో శబ్దం ఒకవైపే, ల్యాప్‌టాప్ నుంచి చెవికి, స్టీరియోలో వెళ్తుంది. శబ్దాన్ని కుదించి పంపే పద్ధతిని కోడెక్ అంటారు. మామూలు ఎస్‌బీసీ కోడెక్‌తోనే సెకనుకు 328 కిలోబిట్ల దాకా పంపవచ్చు. పాట కాస్త ఆలస్యమైనా ఎవరికీ పట్టదు కాబట్టి ఇయర్‌బడ్స్ కొంత ముందే నిల్వ చేసుకుంటాయి, దారిలో పోయిన ముక్కను మళ్లీ తెప్పించుకుంటాయి. ఒకటే లోటు: మైక్‌కి ఇందులో చోటు లేదు.

మైక్ కావాలంటే కాల్స్ కోసం ఉన్న హెచ్‌ఎఫ్‌పీ ప్రొఫైల్‌కి మారాలి. మాట రెండువైపులా ఆగకుండా నడవాలి కాబట్టి నిల్వకి టైమ్ లేదు. ఒక్కోవైపు దక్కేది సెకనుకు సుమారు 64 కిలోబిట్లే, అదీ మోనోలో. పాత సీవీఎస్‌డీ కోడెక్ అయితే శబ్దంలో 4,000 హెర్ట్జ్ పైనున్నదంతా పోతుంది. ‘స’లోని బుస ఎక్కువగా ఉండేది అక్కడే. అందుకే అవతలివాళ్లు చెప్పింది ఫిఫ్టీనా సిక్స్టీనా అని మళ్లీ అడగాల్సి వస్తుంది. ఇయర్‌బడ్స్‌లోనూ ల్యాప్‌టాప్‌లోనూ ఎంఎస్‌బీసీ అనే మెరుగైన కోడెక్ ఉంటే ఆ హద్దు 8,000 హెర్ట్జ్‌కి పెరుగుతుంది. మాట తేటపడుతుంది కానీ పాటకి అదీ చాలదు.

అనుమానముంటే ల్యాప్‌టాప్‌లో పాట పెట్టి, ఇయర్‌బడ్స్ మైక్‌ని ఎంచుకుని వాయిస్ రికార్డర్ ఆన్ చేయండి. పాట పల్చబడి, రికార్డింగ్ ఆపిన కాసేపటికి మామూలైతే కారణం ఇదే.

నా ఓటు ల్యాప్‌టాప్ మైక్‌కే. మీటింగ్ యాప్ ఆడియో సెట్టింగ్స్‌లో స్పీకర్‌గా ఇయర్‌బడ్స్, మైక్‌గా ల్యాప్‌టాప్‌ది పెట్టండి. విండోస్‌లో ఇయర్‌బడ్స్ పేరు రెండుసార్లు కనిపిస్తే Hands-Free అని ఉన్నదాన్ని వదిలేసి Stereo అన్నది తీసుకోండి. ఏ2డీపీ అలాగే నిలుస్తుంది. మన గొంతు కూడా ఆ ఇరుకు దారిలో పడదు కాబట్టి అవతలివాళ్లకీ తేడా తెలుస్తుంది. ఆ నిల్వ వల్ల మాట కొద్దిగా ఆలస్యంగా వినిపిస్తుంది, అప్పుడప్పుడు ఇద్దరూ ఒకేసారి మాట్లాడేస్తారు. అది నాకు పెద్ద ఇబ్బంది అనిపించలేదు.

గోలగా ఉన్న చోటైనా, లేచి తిరుగుతూ మాట్లాడాలన్నా ఇయర్‌బడ్స్ మైకే నయం. ల్యాప్‌టాప్ మైక్ దూరమయ్యేకొద్దీ గది గోలనే ఎక్కువ పట్టుకుంటుంది. ఇక ఫోన్‌లో మామూలు కాల్ అయితే ఇయర్‌బడ్స్‌కి హెచ్‌ఎఫ్‌పీ దానంతటదే వచ్చేస్తుంది, మనకు ఎంపిక ఉండదు. బ్లూటూత్‌లో కొత్తగా వచ్చిన ఎల్‌ఈ ఆడియో పద్ధతిలో ఈ రెండు దార్ల గొడవ లేదు గానీ, అది ఇయర్‌బడ్స్‌లోనూ, వాటిని కలిపే ల్యాప్‌టాప్‌లో లేదా ఫోన్‌లోనూ ఉండాలి.