నల్లరేగడిలో పునాది: ఫుటింగా, రాఫ్టా, పైలా?

నల్గొండ వైపు గట్టి ఎర్రమొరం మీద రెండంతస్తుల ఇల్లయితే ఒక్కో పిల్లరు కింద విడిగా వేసే ఫుటింగులే చాలు. పిల్లరు మీద 60 టన్నుల బరువు, నేల చదరపు మీటరుకు 20 టన్నులు మోస్తుందనుకుంటే 1.75 మీటర్ల చదరం సరిపోతుంది. అదే నల్లరేగడి 8 టన్నులే మోస్తే 2.75 మీటర్లు కావాలి, పిల్లర్ల మధ్య దూరం 3.5 మీటర్లే ఉంటే సగానికి పైగా జాగా ఫుటింగులే తింటాయి కాబట్టి ఇల్లంతటి కింద ఒకే పలకగా రాఫ్ట్ వేసేద్దాం అంటారు. నాకు అక్కడే భయం. వానకు అంచుల కింద మట్టి ఉబ్బి, ఎండాకాలం కుంగితే పలుచని రాఫ్ట్ వంగిపోయి కిటికీ మూలల నుంచి ఏటవాలుగా పగుళ్లు పాకుతాయి.

ముందు గుంత తవ్వించి చూడండి. రెండు మీటర్లలో మొరం తగిలితే ఫుటింగును దాని మీదికే దించండి. నాలుగైదు మీటర్లు దిగినా రేగడే ఉంటే లోతుగా దించే స్తంభాలు, అడుగున ఉబ్బెత్తుగా ఉండే అండర్ రీమ్డ్ పైల్సే నయం, కానీ పైన వేసే బీమ్ కింద మట్టి ఉబ్బడానికి ఖాళీ వదలాలి.