గాజుల చార్ట్‌లో 2.4 ఎదురుగా 61 మి.మీ. అని ఉంటే ఆర్డర్ పెట్టకండి

ఆన్‌లైన్‌లో గాజులు కొనేవాళ్లు పేమెంట్ చేసే ముందు ఇది ఒకసారి చదవండి. నా డబ్బు ఎలాగూ ఇరుక్కుపోయింది, మీదైనా మిగులుతుంది.

నేను తీసుకున్నది నాలుగు గాజుల సెట్. అమ్మే పేజీలోనే సైజు చార్ట్ ఉంది. ప్రతి సైజు పక్కన లోపలి వ్యాసం మిల్లీమీటర్లలో ఇచ్చారు. రోజూ వేసుకునే గాజును వెర్నియర్ కాలిపర్‌తో కొలిస్తే లోపల 60.3 మి.మీ. వచ్చింది. చార్ట్‌లో దానికి దగ్గరగా ఉన్నది 2.4, దాని ఎదురుగా 61 మి.మీ. సరే, కాస్త వదులుగా ఉన్నా పర్వాలేదని అదే పెట్టాను. వచ్చినవాటిని కొలిస్తే 57.1. చేతికి సబ్బు రాసి ఎక్కించినా బొటనవేలి కణుపు దాటలేదు.

అమ్మినవాళ్లు ఏమన్నారంటే, "మేడమ్, మీరు 2.4 అడిగారు, మేం 2.4 పంపాం. సైజు మీరే సెలెక్ట్ చేసుకున్నారు, రిటర్న్ లేదు." ఇందులో విసుగెత్తించే సంగతి ఏమిటంటే, వాళ్లు పంపిన గాజు అచ్చంగా 2.4 సైజే. తప్పంతా వాళ్ల చార్ట్‌లో ఉంది.

మన గాజుల సైజుల్లో ఉండే చుక్క దశాంశ బిందువు కాదు. చుక్కకు ముందున్న అంకె అంగుళాలు, తర్వాతది అంగుళంలో పదహారో వంతులు. పాతకాలపు రూపాయి, అణాల లెక్క లాగే అనుకోండి. అంటే 2.4 అంటే రెండు అంగుళాల మీద నాలుగు పదహారో వంతులు, అనగా రెండుంబావు అంగుళాలు. 2.8 అంటే రెండున్నర. ఇదే సైజును కొందరు 2-4 అనో 2/4 అనో రాస్తారు, నన్నడిగితే అలా రాయడమే మేలు. కనీసం కాలిక్యులేటర్‌లో నేరుగా కొట్టాలనిపించదు.

ఆ చార్ట్ తయారుచేసినవాళ్లు సరిగ్గా అదే చేశారు. 2.4ను ఉన్నదున్నట్టు 25.4తో గుణించారు. 60.96 వచ్చింది, 61 అని వేశారు. చేయాల్సిన లెక్క ఇది:

```
2.4 → 2 + 4/16 = 2.25 అంగుళాలు
2.25 × 25.4 = 57.15 మి.మీ.
```

నా గాజుకు ఇదే లెక్క వెనక నుంచి చేద్దాం. 60.3ను 25.4తో భాగిస్తే 2.374. ముందున్న 2ను పక్కన పెట్టి, మిగిలిన 0.374ను 16తో గుణిస్తే 5.98, అంటే 6. కాబట్టి నా సైజు 2.6. చాలామంది ఈ చివరి మెట్టు వదిలేసి, 2.374ను 2.4గా సవరించేసి అదే ఆర్డర్ పెడతారు. చార్ట్ లేకపోయినా చివరికి అదే బిగుతు గాజు ఇంటికి వస్తుంది.

3 మి.మీ. తేడాకే ఇంత గొడవా అనిపించొచ్చు. వ్యాసంలో 3.2 మి.మీ. తగ్గితే చుట్టుకొలతలో దాదాపు ఒక సెంటీమీటర్ తగ్గుతుంది. చేతి ఎముక మీద నుంచి జారాల్సిన వస్తువుకు అది చాలా ఎక్కువ.

ఇలాంటి చార్ట్‌ను కాలిక్యులేటర్ లేకుండానే పట్టేయొచ్చు. 2.4, 2.6, 2.8 ఇలా రెండేసి పెరిగే సైజుల్లో ఒకదానికీ తర్వాతదానికీ తేడా 3 మి.మీ.కు కాస్త పైన ఉండాలి, ఎందుకంటే అది అంగుళంలో ఎనిమిదో వంతు. చార్ట్‌లో ఆ తేడా 5 మి.మీ. ఉందంటే చుక్కను దశాంశంగా లెక్కేశారన్నమాట. ఇంతకన్నా తేలికైన గుర్తు 2.10. అది 2.8 కన్నా పెద్ద సైజు, దాదాపు 66.7 మి.మీ. ఉండాలి. తప్పు చార్ట్‌లో మాత్రం 53 అని ఉంటుంది, అంటే అన్నిటికన్నా చిన్నది! నేను కొన్న పేజీలో ఈ వరుస కూడా ఉంది. పెద్ద సైజు ఎదురుగా చిన్న కొలత వేసి, ఒక్కసారైనా సరిచూడకుండా అమ్మకానికి పెట్టేశారు. సరైన కొలతలు కావాలంటే రాసిపెట్టుకోండి: 2.2కు 54, 2.4కు 57.2, 2.6కు 60.3, 2.8కు 63.5.

ఇంకో చోట కూడా జాగ్రత్త. కొన్ని పేజీల్లో సైజు గడిలో 2.8 అనీ, కింద వివరాల్లో 2.5 అంగుళాలు అనీ ఉంటుంది. చూడగానే ఏదో ఒకటి తప్పనిపిస్తుంది కానీ రెండూ ఒకటే, రెండున్నర అంగుళాలు. అదే వివరాల్లో కూడా 2.8 అంగుళాలు అని రాసి ఉంటే ఆగండి. అది సైజో, నిజంగా అంగుళాలో తేలదు. నిజంగా 2.8 అంగుళాలైతే 71 మి.మీ., చెయ్యి దించితే గాజు జారిపోతుంది.

అందుకే ఆర్డర్‌కు ముందు చాట్‌లో "నాకు పంపే గాజు లోపలి వ్యాసం ఎన్ని మి.మీ.?" అని అడిగి, జవాబు రాతలో తీసుకోండి. "లోపలి" అన్న మాట వదలొద్దు. రేకు 4 మి.మీ. మందం ఉన్న కడియానికి బయట కొలిస్తే 8 మి.మీ. ఎక్కువ వస్తుంది, అంటే రెండు సైజులకు పైనే. చార్ట్‌ను స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోండి. నేను తీయలేదేమో అనుకున్నారు కాబోలు, ఫిర్యాదు పెట్టిన తర్వాత ఆ పేజీలో చార్ట్ మాయమైంది. స్క్రీన్‌షాట్, కాలిపర్ పెట్టి తీసిన ఫొటో రెండూ జతచేసి పంపాను, ఇంకా తేల్చలేదు.

కొలవడానికి పాత గాజు లేకపోతే బొటనవేలిని చిటికెన వేలి వైపు మడిచి, చెయ్యి ఎక్కడ వెడల్పుగా ఉందో అక్కడ టేపు చుట్టండి. వచ్చిన మిల్లీమీటర్లను 3.14తో భాగిస్తే వ్యాసం. 190 వస్తే 60.5, అంటే 2.6. స్క్రూతో తెరుచుకునే కడియాలకు ఈ కొలత అక్కర్లేదు, అవి కణుపుల మీదుగా ఎక్కవు కదా, మణికట్టు కొలిస్తే చాలు.

ఉంగరాల్లో పదహారో వంతుల గోల లేదు, కానీ అంగుళాల్లో కొలత ఇస్తే అసలు నమ్మొద్దు. అమెరికన్ సైజుల్లో ఒక సైజుకూ తర్వాతదానికీ తేడా 0.8 మి.మీ. మాత్రమే. "లోపలి వ్యాసం 0.7 అంగుళాలు" అని ఒకే దశాంశంతో రాస్తే అది 16.5 మి.మీ. కావచ్చు, 19 కావచ్చు. అంటే 6వ సైజు నుంచి 9వ సైజు దాకా ఏదైనా రావచ్చు. ఉంగరం కొలత మిల్లీమీటర్లలో, చుక్క తర్వాత ఒక అంకెతో, 17.3 ఇలా ఇస్తేనే ఆర్డర్ పెట్టండి. అంగుళాల్లోనే ఇస్తామంటే కనీసం మూడు దశాంశాలు అడగండి, 0.681 అలా.