గ్రూపు కంపెనీల ఇన్‌వాయిస్‌లకు ఆటోమేటిక్ ఎలిమినేషన్: చాలాకాలం వాడిన తర్వాత నా సమీక్ష

చెన్నై అంబత్తూరులోని మా మాతృ సంస్థ విడిభాగాలు తయారుచేస్తుంది; బెంగళూరులోని అనుబంధ సంస్థ వాటిని బిగించి యంత్రాలుగా బయటివారికి అమ్ముతుంది. ఈ రెండింటినీ ఒకే సంస్థగా కలిపి చూపే కన్సాలిడేటెడ్ లెక్కలకు కొన్నేళ్లుగా, గ్రూపు లోపలి అమ్మకాలనూ బాకీలనూ రద్దు చేసే ఇంటర్‌కంపెనీ మాడ్యూల్ ఉన్న సాఫ్ట్‌వేర్ వాడుతున్నాం. ఇక్కడ అమ్మకం ఇన్‌వాయిస్ పోస్ట్ చేయగానే, అదే నంబరుతో అక్కడ కొనుగోలు బిల్లు డ్రాఫ్టు సిద్ధమవుతుంది కనుక, మార్చి నెలాఖరున బాకీలు సరిచూసే పని చాలా తేలికైంది. ఆ మేరకు దీన్ని నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను.

జీఎస్టీ విషయంలోనూ ఇది సరిగ్గానే పనిచేస్తుంది. 30 లక్షల ఖర్చుతో తయారైన సరుకును 40 లక్షలకు పంపితే, 18 శాతం ఐజీఎస్టీతో ఇన్‌వాయిస్ 47.20 లక్షలవుతుంది. బాకీల్లో రద్దు కావలసింది 47.20 లక్షలు, అమ్మకాల్లో 40 లక్షలే. పన్ను లెక్క ప్రభుత్వంతో ముడిపడినది కాబట్టి దాన్ని కదపకూడదు. మాడ్యూల్ కదపదు కూడా.

ఇబ్బంది అంతా స్టాకు దగ్గరే. ఆ సరుకులో నాలుగో వంతు మార్చి 31న బెంగళూరు గోదాములోనే ఉందనుకుందాం. వాళ్ల పుస్తకాల్లో దాని విలువ 10 లక్షలు, గ్రూపుకు అయిన ఖర్చు మాత్రం 7.50 లక్షలే. మధ్యలో ఉన్న 2.50 లక్షలు, సరుకు బయటివారికి అమ్ముడుపోయేదాకా గ్రూపుకు లాభం కాదు. కన్సాలిడేటెడ్ లెక్కల ప్రమాణమైన ఇండ్ ఏఎస్ 110 దాన్ని పూర్తిగా తీసేయమంటుంది. మాడ్యూల్‌కు ఇన్‌వాయిస్ కనిపిస్తుంది గాని సరుకు తయారీ ఖర్చు కనిపించదు. అందుకే 40 లక్షల అమ్మకానికి ఎదురుగా 40 లక్షల ఖర్చునూ కొట్టేసి, స్టాకును 10 లక్షల దగ్గరే వదిలేస్తుంది. నిజానికి అమ్మకాలకు 40 లక్షలు డెబిట్ చేసి, అమ్మిన సరుకు ఖర్చుకు 37.50 లక్షలు, స్టాకుకు 2.50 లక్షలు క్రెడిట్ చేయాలి, ఆ 2.50 లక్షల మీద డిఫర్డ్ టాక్స్ కూడా లెక్కగట్టాలి.

ఈ ఎంట్రీ కన్సాలిడేషన్ పట్టికలోనే ఉంటుంది, ఏ కంపెనీ లెడ్జర్లోకీ ఎక్కదు. కాబట్టి మరుసటి ఏడాది ప్రారంభ నిల్వల్లో దాన్ని మళ్లీ తేవాలి: రిజర్వులకు 2.50 లక్షలు డెబిట్, ఆ సరుకు అమ్ముడుపోయాక ఖర్చుకు అంతే క్రెడిట్. మరిచిపోతే, పన్ను సంగతి పక్కన పెడితే, ప్రారంభ రిజర్వులు నిరుటి ముగింపు కంటే సరిగ్గా ఆ మొత్తం ఎక్కువగా కనిపిస్తాయి. పొరపాటును పట్టించే నమ్మకమైన గుర్తు ఇదే.

మార్చి 30న బయలుదేరిన లారీ ఏప్రిల్ 2న చేరితే, డ్రాఫ్టు బిల్లు పోస్ట్ కాక బాకీల్లో తేడా వస్తుంది. ఆ తేడాను సస్పెన్స్ ఖాతాలోకి నెట్టడం నా దృష్టిలో అన్నిటికంటే చెడ్డ పద్ధతి. ఆ సరుకును రవాణాలో ఉన్న స్టాకుగా, తయారీ ఖర్చుకే గ్రూపు లెక్కల్లో చూపాలి. అందుకోసం మేము ప్రతి ఇన్‌వాయిస్ పక్కన బ్యాచ్ నంబరు, తయారీ ఖర్చు, మార్చి 31న మిగిలిన పరిమాణం రాసే పట్టికను విడిగా నడుపుతున్నాం.